ముఖం మార్చిన షాట్‌లో వెలుతురు గడ్డం కింద నుంచి వస్తోంది

కంపోజిటర్_రవి
బైకు షాట్. డూప్ ముఖం మీద హీరో ముఖం అమర్చాలి, ఇద్దరూ ఒప్పుకున్న పనే. సాయంత్రపు ఎండ ఎడమ వైపు పై నుంచి పడుతోందని డూప్ చెవి, మెడ చెబుతున్నాయి. అతని ముఖానికి 3డి నమూనా సరిపెట్టి, ఆ నార్మల్స్‌తో స్ఫెరికల్ హార్మోనిక్స్ గుణకాలు తొమ్మిదీ రాబట్టాను. వాటితో హీరో ముఖాన్ని వెలిగిస్తే గడ్డం మెరుస్తోంది, నుదురు చీకటి. దిశ ఇలా తీస్తున్నాను:

```
d = np.array([c[3], c[1], c[2]])
d /= np.linalg.norm(d)
```

శ్రావణి_లైటింగ్
సూత్రం సరైనదే. మీ ట్రాకర్‌లో y కిందికి, రెండరర్‌లో పైకి ఉండి ఉంటుంది. అవే గుణకాలతో ఒక తెల్లని గోళాన్ని రెండర్ చేసి డూప్ తల పక్కన పెట్టండి, వెంటనే తెలిసిపోతుంది.

పాత_కెమెరా
నా పాస్‌పోర్టు ఫొటోలో కూడా ముఖం ఒక పక్క నల్లగా వచ్చింది. దానికీ ఇది పనికొస్తుందా?

శ్రావణి_లైటింగ్
దానికి ఇంత హంగామా అక్కర్లేదండీ. ఎడిటర్‌లో ఆ పక్కన కాస్త కాంతి పెంచితే చాలు.

కంపోజిటర్_రవి
గోళం కింద వైపే వెలిగింది! c[1] గుర్తు మార్చాను. దిశ కుదిరింది కానీ దవడ దగ్గర ఛాయ ఇంకా వింతగా ఉంది.

శ్రావణి_లైటింగ్
y ఉన్న పదాలన్నీ మారాలి: 1తో పాటు 4 (xy), 5 (yz) కూడా. z కూడా తిరగబడి ఉంటే జాబితా వేరు. అందుకే నేను గుణకాల జోలికి పోను, లెక్కకు ముందే నార్మల్స్‌ను తిప్పేస్తాను. ఇంకొకటి, ఫ్రేమును sRGB నుంచి లీనియర్‌కు మార్చాకే లెక్కించండి. లేకపోతే వెలుగుకూ నీడకూ తేడా తగ్గిపోయి, ఎండ మబ్బు పట్టినట్టు తేలుతుంది.

నాగార్జున77
ముక్కు నీడ కూడా రావాలంటే మూడో అంచె కలిపి 16 గుణకాలు వాడండి. ఎక్కువ ఉంటే నీడ పదునుగా వస్తుంది.

శ్రావణి_లైటింగ్
పర్యావరణ కాంతికి, అద్దంలా మెరిసే వస్తువులకు అది నిజమే. మెరుపు లేని చర్మానికి మూడో అంచె వాటా సున్నా. 2001లో రామమూర్తి, హన్రహాన్ చూపించింది ఇదే: అలాంటి ఉపరితలానికి తొమ్మిదితో సగటు పొరపాటు 1 శాతం దగ్గరే. కానీ సగటును నమ్మి ఎండ షాట్‌లో దిగితే దెబ్బ తింటాం. ఒకే దీపం ఉన్నప్పుడు దానికి సరిగ్గా వెనుక వైపు సున్నా రావాల్సింది, తొమ్మిది గుణకాలు 0.06 ఇస్తాయి, 122 డిగ్రీల దగ్గర -0.04కి దిగుతాయి. కొత్త ఛాయను పాత ఛాయతో భాగించే పద్ధతైతే అక్కడే చెంప మీద తెల్ల మచ్చలు పేలతాయి. అందుకే ఛాయకు కనీస విలువ పెట్టాలి. ముక్కు నీడ సంగతి వేరే. అడ్డు పడిన కాంతి ఈ లెక్కలోనే లేదు.

కంపోజిటర్_రవి
మూడింటి గుర్తులూ మార్చాను, దవడ సరిపోయింది. మరి ముక్కు నీడ?

నాగార్జున77
మీ d దిశలో ఒక సూర్యదీపం పెట్టి నీడ వేయించండి.

శ్రావణి_లైటింగ్
ఆకాశం వెలుతురు కూడా కలిసి d పైకి జరిగి ఉంటుంది, ముక్కు నీడ ఉండాల్సిన దానికంటే కిందికి సాగి పడుతుంది. నేనైతే డూప్ అసలు ఫ్రేములో ముక్కు నీడ కొన చూసి దీపాన్ని చేత్తో జరుపుతాను.

నాగార్జున77
బైకు మలుపు తిరుగుతుంటే ప్రతి ఫ్రేముకూ చేత్తోనా?