నెట్ కట్ చేయమన్నాక కూడా బిల్లు వస్తోంది, ఏం చేయాలి?

కాకినాడ_శ్రీను: మా ఇంట్లో ఫైబర్ నెట్ జూన్ 4 నుంచి లేదు. బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. మూడుసార్లు కంప్లైంట్ పెట్టాను, ఎవరూ రాలేదు, కానీ రెండు రోజులకోసారి "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ మాత్రం వస్తుంది. 20న ఫోన్ చేసి కనెక్షన్ తీసేయమన్నాను, సరే సార్ అన్నారు. ఇప్పుడు జులై బిల్లు 707 రూపాయలు వచ్చింది!

గోదారి_గట్టు: కట్టకండి అంతే. రెండు నెలలు చూసి వాళ్లే కట్ చేస్తారు. నేనూ అలాగే చేశా.

పద్మ_హనుమకొండ: మా తమ్ముడూ అలాగే వదిలేశాడు, రెండు నెలల బిల్లూ, బాక్స్ ఖరీదూ కలిపి రికవరీ వాళ్లు ఆర్నెల్లు ఫోన్లు చేశారు. కట్టకపోవడం వేరు, కట్టనని రాసివ్వడం వేరు.

శ్రీను గారూ, 20న మాట్లాడినప్పుడు రిక్వెస్ట్ నంబర్ ఇచ్చారా? మీ మూడు నంబర్లూ రిపేరువి. తీసేయమన్నందుకు విడిగా ఇంకో నంబర్ ఉండాలి. అది లేకపోతే వాళ్ల లెక్కలో మీరింకా కస్టమరే.

కాకినాడ_శ్రీను: ఇవ్వలేదండీ. నేనూ అడగలేదు.

పద్మ_హనుమకొండ: అయితే ఇవాళే మెయిల్ పెట్టండి, ఇంత చాలు:

"జూన్ 4 నుంచి నెట్ లేదు. కంప్లైంట్ నంబర్లు ఫలానా, ఫలానా, ఫలానా. రిపేరు చేయకుండానే మూడూ మూసేశారు. జూన్ 20న ఫోన్‌లో కనెక్షన్ రద్దు చేయమన్నాను. ఆ తేదీ తర్వాత వేసిన ఏ ఛార్జీకీ నేను ఒప్పుకోను. రద్దు నంబర్ ఇచ్చి, బాక్స్ తీసుకెళ్లి రసీదు ఇవ్వండి."

ఆటోపే ఉంటే ముందు అది ఆపండి. 20న చేసిన కాల్ స్క్రీన్‌షాట్ జత చేయండి. బాక్స్ మాత్రం లైన్‌మన్ అడిగాడని ఊరికే ఇచ్చేయకండి, దాని సీరియల్ నంబర్ ఫొటో తీసి, సంతకం తీసుకుని ఇవ్వండి.

సిమ్_రాజు: నాది కూడా ఇదే ప్రాబ్లం, సిగ్నల్ లేదు, పోర్ట్ పెడితే పాత బిల్లు బాకీ అని రిజెక్ట్ చేశారు. ఇదే మెయిల్ పెట్టొచ్చా?

పద్మ_హనుమకొండ: మీది వేరండీ. పోస్ట్‌పెయిడ్‌లో గడువు దాటిన బాకీ ఉంటే పోర్ట్ ఇవ్వరు. ముందు ఆ బిల్లు సంగతి తేల్చుకోండి.

గోదారి_గట్టు: ఇదంతా దేనికి, టెలికం కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఒక మెయిల్ కొడితే దిగొస్తారు.

రిటైర్డ్_టెలికం: ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు బాబూ. కంప్లైంట్ తేలకపోతే కంపెనీలోనే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, 30 రోజుల్లోపు అక్కడికి వెళ్లాలి, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అక్కడ అడిగేది కంప్లైంట్ నంబరే, అందుకే మెసేజ్‌లు డిలీట్ చేయకండి. అదీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా కన్స్యూమర్ కమిషన్. టెలికం కేసులు అక్కడ వేయొచ్చని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది.

కాకినాడ_శ్రీను: మెయిల్ పెట్టాను. జూన్ 4 నుంచి 20 వరకు రెంట్ కూడా తగ్గించమని అడగొచ్చా?

రిటైర్డ్_టెలికం: అడగండి. మా రోజుల్లో ల్యాండ్‌లైన్‌కి తగ్గించేవాళ్లం. వీళ్లు ఒప్పుకుంటారో లేదో.

కాకినాడ_శ్రీను: ఇప్పుడే ఫోన్ వచ్చింది. మూడు నెలలు ఫ్రీ ఇస్తాం, ఉండిపోండి అంటున్నారు. ఎర్ర లైటు అలాగే ఉంది 😀