కొత్త హార్డ్ డిస్క్ పెట్టాక హెడ్‌సెట్‌లో చిటపటలు – డాంగిల్ ఎక్కడ పెట్టాలి?

నైట్‌షిఫ్ట్ స్వాతి: అందరికీ నమస్కారం. ఇంటి నుంచి రాత్రిళ్లు కస్టమర్ కాల్స్ చేస్తుంటాను. వైర్‌లెస్ హెడ్‌సెట్ కొని 4 నెలలైంది, డాంగిల్‌తో పనిచేసే రకం, బ్లూటూత్ కాదు. మొదట్లో బాగానే ఉండేది. పది రోజుల నుంచి బొరుగులు వేగుతున్నట్టు చిటపట, మధ్యలో అరమాట ఎగిరిపోవడం. షాపువాళ్లు పాపం మార్చి కొత్తది ఇచ్చారు. అదీ అంతే. లాప్‌టాప్ ఎడమ పక్కన రెండు నీలం పోర్టులు ఆనుకుని ఉంటాయి. ఒకదాంట్లో డాంగిల్, రెండో దాంట్లో ఈమధ్యే కొన్న హార్డ్ డిస్క్. రౌటర్ టేబుల్ వెనక షెల్ఫులో, అడుగున్నర దూరంలో ఉంది. లోపం దేంట్లో అంటారు?

వెంకట్ గుంటూరు: నీలం పోర్టులో నుంచి తీసి నల్ల పోర్టులో పెట్టండి మేడం. అంతే. నాకు అలాగే పోయింది.

చారి సౌండ్స్: అన్నా, నాది కూడా సేమ్ ప్రాబ్లమ్. లాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టంగనే చెవుల్ల బుర్రుమని ఒకటే మోత. వైరు హెడ్‌ఫోన్స్. ఛార్జర్ పీకితే బంద్. డాంగిల్ కొనాల్నా?

పాత రేడియో మెకానిక్: చారీ, నీది వేరే జబ్బు నాయనా. ఛార్జర్ తీయగానే ఆగే బుర్రుమనే మోత కరెంటు వైపు నుంచి వస్తుంది. ముందు ఆ ప్లగ్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించుకో. డాంగిల్ కొనొద్దు.

స్వాతిగారూ, రెండో హెడ్‌సెట్‌కీ అదే రోగం వచ్చిందంటే హెడ్‌సెట్‌ని వదిలేయండి. హార్డ్ డిస్క్ ఎప్పుడు కొన్నారు? పది రోజులేనా?

నైట్‌షిఫ్ట్ స్వాతి: అయ్యో, అవునండి! సరిగ్గా అప్పుడే. కానీ డిస్క్‌కీ చెవిలో మోతకీ ఏం సంబంధం?

పాత రేడియో మెకానిక్: ఉంది. మీ డాంగిల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతుంది. యూఎస్‌బీ 3 డిస్క్ పనిచేసేటప్పుడు సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో సంకేతాలు పరుగెడతాయి. ఆ పరుగులో పుట్టే రొద పోర్టు దగ్గర, కేబుల్ మొదట్లో, డిస్క్ డబ్బా దగ్గర గాల్లోకి కారుతుంది. అది ఏదో ఒక్క స్టేషన్‌లా ఒకచోట ఉండదు, 2.4 చుట్టుపక్కలంతా పరుచుకుంటుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద కొలతలు తీసి ఒక పత్రం వేసింది. డాంగిల్ పంపేదానికంటే, హెడ్‌సెట్ నుంచి దానికి తిరిగి వచ్చే బలహీనమైన సంకేతమే ఆ రొదలో ఎక్కువగా మునిగిపోతుంది. జాతరలో మైకు సెట్టు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు.

నమ్మొద్దు, పరీక్షించండి. లాప్‌టాప్‌లో దాచుకున్న పాట ఒకటి పెట్టండి, నెట్ నుంచి కాదు. నెట్ పాటైతే నెట్ తడబాటు కూడా కలిసిపోయి ఏది ఏదో తెలియదు. డిస్క్ పీకి రెండు నిమిషాలు, డిస్క్ ఊరికే పెట్టి రెండు నిమిషాలు, దాంట్లోకి పెద్ద ఫైల్ కాపీ చేస్తూ రెండు నిమిషాలు వినండి. పనిలోపనిగా మీ గొంతు కూడా రికార్డ్ చేసి వినండి.

నైట్‌షిఫ్ట్ స్వాతి: చేశానండి. డిస్క్ పీకితే రెండు నిమిషాల్లో ఒక్కసారే చిట్‌మంది. ఊరికే పెడితే అప్పుడప్పుడు. కాపీ పెడితే ఆగకుండా చిటపట, రికార్డ్ చేసిన నా గొంతైతే ముక్కలు ముక్కలు. కస్టమర్లు "హలో, హలో" అని ఎందుకు అరుస్తున్నారో ఇప్పుడు తెలిసింది. వెంకట్‌గారు చెప్పినట్టు కుడి పక్క నల్ల పోర్టులో పెట్టాను. చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. తల ఎడమకి తిప్పితే మళ్లీ వస్తోంది.

వెంకట్ గుంటూరు: చెప్పానా!

పాత రేడియో మెకానిక్: సగం చెప్పావు తమ్ముడూ. మేలు చేసింది నలుపు కాదు, దూరం. రొద వచ్చేది గాల్లోంచి. నీలం పోర్టు పక్కనే నల్లది ఉండి, అందులో పెట్టినా ఇదే గోల. పైగా ఇప్పుడు చాలా లాప్‌టాప్‌లలో వేగం పోర్టులూ నల్లగానే ఉంటున్నాయి. పక్కన SS అని గుర్తుంటే అది వేగం పోర్టే.

స్వాతిగారూ, తల తిప్పితే వస్తోందంటే డాంగిల్‌కీ హెడ్‌సెట్ ఏంటెనాకీ మధ్య మీ తల అడ్డొస్తోంది. ఒంట్లో నీరు ఎక్కువ, 2.4ని మింగేస్తుంది. ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చుకోండి. ఒక కొన మగ, ఇంకో కొన ఆడ ఉండాలి. ఆడ కొనకి డాంగిల్ పెట్టి మానిటర్ పైఅంచుకి గానీ, టేబుల్ మీద మీకెదురుగా గానీ టేపుతో అంటించండి. డిస్క్‌నీ దాని కేబుల్‌నీ దానికి దూరంగా జరపండి. 3.0 ఎక్స్‌టెన్షన్‌కి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, హెడ్‌సెట్ డాంగిల్‌కి ఆ వేగంతో పనిలేదు.

హబ్ రాజు: నా దగ్గర 7 పోర్టుల యూఎస్‌బీ 3 హబ్ ఉంది, దాని కేబుల్ పొడుగే. అందులో పెడితే చాలదా? లేకపోతే డాంగిల్‌కి అల్యూమినియం రేకు చుడితే?

పాత రేడియో మెకానిక్: హబ్‌లో డిస్క్, పెన్‌డ్రైవ్ కూడా పెడితే రొదని డాంగిల్ పక్కకే మోసుకొచ్చినట్టు. డాంగిల్‌కి రేకు చుట్టడమంటే దొంగని వదిలేసి ఇంటాయన నోరు నొక్కడమే. రెండూ వద్దు.

నైట్‌షిఫ్ట్ స్వాతి: ఎక్స్‌టెన్షన్ తెచ్చానండి. మానిటర్ పైన అంటించాను. డిస్క్ కాపీ పెట్టినా పగలు శుభ్రంగా ఉంది! కానీ రాత్రి 8 నుంచి 10 మధ్య అప్పుడప్పుడూ చిట్, చిట్. రౌటర్ రెండు నిమిషాలు ఆపి చూస్తే సగం తగ్గింది.

పాత రేడియో మెకానిక్: రౌటర్ ఆపితే తగ్గిందంటే ఆ సగం మీ ఇంటిదే. లాప్‌టాప్ 2.4 వైఫైలో ఉందా? ఉంటే డాంగిల్ దగ్గర్లో అరిచేది రౌటర్ ఒక్కటే కాదు, లాప్‌టాప్ సొంత ఏంటెనా కూడా. దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. రౌటర్‌ని టేబుల్ నుంచి ఓ రెండు మీటర్లు జరపండి. రౌటర్ సెట్టింగుల్లో 2.4 వెడల్పు 40 ఉంటే 20 చేయండి. 40 అంటే ఆ వీధిలో సగం రోడ్డు మీ ఇంటి పందిరే. చుట్టుపక్కల ఎవరు ఏ ఛానెల్లో ఉన్నారో విండోస్‌లో ఇలా కనిపిస్తుంది:

```
netsh wlan show networks mode=bssid
```

1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

నైట్‌షిఫ్ట్ స్వాతి: మూడింట్లోనూ అయిదారు పేర్లు కనిపిస్తున్నాయండి, అపార్ట్‌మెంట్ కదా. 5కి మార్చాను, వెడల్పు 20 చేశాను. షెల్ఫ్ దగ్గరే ఫైబర్ వైరు వస్తుంది కాబట్టి రౌటర్ మూడడుగులే జరిగింది. నిన్న రాత్రి మొత్తం మీద నాలుగైదు చిట్‌లు. అందులో రెండు మా అత్తయ్య ఓవెన్‌లో పాలు వెచ్చపెట్టినప్పుడే వచ్చాయి, నేను గమనించాను.

పాత రేడియో మెకానిక్: మైక్రోవేవ్ కూడా 2.45 దగ్గరే. అది మాత్రం అత్తగారితో మీరే మాట్లాడుకోవాలి. మిగతా రెండు మూడు పక్కింటివో, హెడ్‌సెట్ తన ఛానెల్ మార్చుకునేటప్పటివో ఇక్కడ కూర్చుని చెప్పలేను.

వెంకట్ గుంటూరు: అన్నా, మౌస్ డాంగిల్‌కి కూడా ఇదేనా? నా కర్సర్ మధ్యమధ్యలో ఎగురుతుంది. దాని పక్కన పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది.

పాత రేడియో మెకానిక్: పెన్‌డ్రైవ్ తీసి చూసి చెప్పు.