అప్‌డేట్: నూలు సప్లయర్లకు రిప్లైలు పంపిన

నేను అడిగింది: "కొత్తవాడల దర్రీల పని మాది. ఐదుగురు నూలు సప్లయర్లు కిలోకు 18 రూపాయలు పెంచుతమంటున్రు, సంబంధం చెడకుండ కాదని ఎట్ల రాయాలె?"

రేటు లైన్లు అందరికీ ఒకటే పెట్టిన, వాళ్లు ఒకరికొకరు తెలిసినోళ్లే గదా, మొదటి లైన్ మాత్రం ఎవరిది వాళ్లకు రాసిన: "అన్నా, పోయిన నెల లోడు టైంకు పంపిన్రు, మా మగ్గాలు ఆగలే." తర్వాత "కిలోకు 6 రూపాయలే పెంచగలుగుత, సరుకు దిగిన 7 రోజులల్ల పైసలేస్త, శనివారం లోపు చెప్పున్రి" అని. ముందు డ్రాఫ్ట్‌ల "వీలైతే కొంచెం చూడున్రి" అని ఉండె, అది తీసేసిన, ఆ మాట ఉంటే ఇంక బేరం ఉందనుకుంటరు. ముగ్గురు ఒప్పుకున్నరు. ఒకాయన 9 అన్నడు, ఆయనకు 6 మీదనే ఉండి ఆర్డర్ మాత్రం రెండు నెలలది ఒక్కసారే ఇస్తనన్న, సరే అన్నడు. ఐదో ఆయన ఇంక చెప్పలే.