డబ్బు కట్టేశాక సరుకు తిరిగొస్తే క్యాష్ డిస్కౌంట్ సంగతేంటి?

అకౌంట్స్ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. 10,000 ధర ఉన్న సరుకును 10 శాతం ట్రేడ్ డిస్కౌంట్‌తో అప్పుకు అమ్మాం. ట్రేడ్ డిస్కౌంట్‌కు పుస్తకాల్లో విడిగా పద్దు ఉండదు కాబట్టి 9,000కే అమ్మకం రాశాం. గడువులోపు కట్టినందుకు 2 శాతం క్యాష్ డిస్కౌంట్ ఇచ్చాం. 8,820 నగదు వచ్చింది, మిగతా 180 డిస్కౌంట్ ఖాతాకు డెబిట్ చేశాం. ఇక్కడిదాకా స్పష్టంగానే ఉంది.

తర్వాత 2,000 ధర ఉన్న సరుకు వాపసు వచ్చింది. ట్రేడ్ డిస్కౌంట్ తీసేస్తే 1,800. కొనుగోలుదారుకు మొత్తం 1,800 క్రెడిట్ చేస్తే, ఆయన ఆ సరుకుకు కట్టింది 1,764 మాత్రమే కదా! 36 ఎక్కువ ఇచ్చినట్టవుతుంది. డెబిట్, క్రెడిట్ సమానంగానే ఉంటాయి కాబట్టి అంకణాలో ఈ తేడా బయటపడదు కూడా. అదే నా టెన్షన్.

నాకు సరైనదనిపించిన పద్దు: అమ్మకపు వాపసుల ఖాతాకు 1,800 డెబిట్, కొనుగోలుదారు ఖాతాకు 1,764, డిస్కౌంట్ ఖాతాకు 36 క్రెడిట్. ఇందులో నగదు డిస్కౌంట్ కూడా ఉంది కాబట్టి వాపసుల పుస్తకంలో కాకుండా అసలు చిట్టాలో రాయాలనుకుంటున్నాను. కొన్నవాళ్లు తమ పుస్తకాల్లో కొనుగోలు వాపసులకు 1,800 క్రెడిట్ చేసి, మా ఖాతాకు 1,764, వచ్చిన డిస్కౌంట్‌కు 36 డెబిట్ చేస్తారా?