జీతం పెరిగింది, మిగిలేది మాత్రం పెరగలేదు. ఆటోమేటిక్ పొదుపు ఎవరికైనా పనిచేసిందా?

నెలాఖరు
పోయిన ఏడాది జీతం బాగానే పెంచారు. చేతికొచ్చేది అంతకుముందు 100 అనుకోండి, ఇప్పుడు 112. పెంపుకు ముందునుంచే నెలనెలా 10 పొదుపు ఖాతాలోకి దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో పెట్టి ఉంచాను. అది ఠంచనుగా వెళ్తూనే ఉంది. మరి ఆ 12 ఏమైంది? స్టేట్‌మెంట్ మొత్తం తిరగేసినా పెద్ద ఖర్చంటూ ఒక్కటీ కనబడదు. ఇంకొంచెం పెద్ద ఇంటికి మారాం, కొత్త ఫోన్‌కి వాయిదా కడుతున్నాను, రెండు మూడు సబ్‌స్క్రిప్షన్లు చేరాయి, బస్సు బదులు క్యాబ్ అలవాటైంది. అంతే. వచ్చే పెంపు దగ్గర పడింది, ఈసారైనా ముందే కట్టడి చేద్దామని. పెరిగినదాంట్లో ఎంత పక్కన పెడుతున్నారు, ఏ తేదీకి పెడుతున్నారు, బోనస్ వస్తే ఏం చేస్తున్నారు?

రాత్రి షిఫ్ట్
12 శాతమా! మాకు 3 ఇచ్చి చేతులు దులుపుకున్నారు. మీ మేనేజర్‌తో ఏం మాట్లాడి సాధించారో అది చెప్పండి ముందు. పొదుపు సంగతి తర్వాత.

చిట్టాపద్దు
నెలాఖరు గారూ, మీ పొదుపు పెరగకపోవడం కాదు, తగ్గింది. లెక్క చూడండి. ముందు 100లో 10, అంటే 10 శాతం. ఇప్పుడు 112లో అదే 10, అంటే 9 శాతానికి కూడా కొంచెం తక్కువ. ఖర్చేమో 90 నుంచి 102కి వెళ్ళింది. బ్యాంకులో పెట్టే ఆటో ట్రాన్స్‌ఫర్ సాధారణంగా ఇంత మొత్తం అని ఉంటుంది, ఇంత శాతం అని ఉండదు. జీతం పెరిగిన సంగతి దానికి తెలియదు. మీరు వెళ్ళి అంకె మార్చేదాకా అది పాత జీతంలోనే బతుకుతుంటుంది. "నాది ఆటోమేటిక్" అనుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

నా పద్ధతి చెప్తాను. పెంపు ఉత్తర్వు చేతికి రాగానే, కొత్త జీతం ఇంకా పడకముందే, ఆ అంకె మార్చేస్తాను. ఉత్తర్వులో ఉన్న పెంపు చూసి కాదు, పన్నూ కోతలూ పోగా చేతికొచ్చే తేడా చూసి. ఆ తేడాలో సగం. మీ లెక్కలో తేడా 12, సగం 6, కాబట్టి 10 కాస్తా 16 అవుతుంది. 112లో 16 అంటే 14 శాతం పైనే. ఖర్చుకి 96 ఉంటుంది, పాత 90 కంటే ఎక్కువే. చేతిలో డబ్బు తగ్గినట్టు ఒక్క నెల కూడా అనిపించదు. పెంపు పడ్డాక ఆర్నెల్లకి మారుద్దామంటే మాత్రం అప్పటికే 102కి అలవాటుపడి ఉంటారు, ఆ 6 ఒంట్లోంచి కోసినట్టే ఉంటుంది.

ఇది నా సొంత తెలివేం కాదు. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జి అనే ఇద్దరు 2004లో ఒక పత్రం వేశారు. ఒక కంపెనీ ఉద్యోగులతో, ఇప్పుడు కాదు, వచ్చే పెంపు నుంచి పొదుపు పెంచుతామని ముందే ఒప్పించారు. ఒక్కో పెంపుకి 3 శాతం చొప్పున దానంతటదే పెరిగేలా పెట్టారు. అలా చేరినవాళ్ళ సగటు పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి వెళ్ళింది.

రెండు జేబులు
సగం, పావు అన్నీ తర్వాత. తేదీ ముఖ్యం. జీతం పడిన రోజే లాగేయాలి. నాకు 1వ తేదీ జీతం, 1వ తేదీనే ట్రాన్స్‌ఫర్. కంటికి కనబడని డబ్బు ఖర్చవదు. ఇందులో చర్చించడానికేం లేదు.

పాత క్యాషియర్
చాలా ఉంది. బ్యాంకు కౌంటర్లో తల నెరిసినవాణ్ణి, నా దగ్గర ఈ 1వ తేదీ కథలు వద్దు. చాలా బ్యాంకుల్లో ఇలాంటి ఆటో ట్రాన్స్‌ఫర్లు తెల్లవారుజామునే కట్టగట్టి నడుస్తాయి. కంపెనీ పంపే జీతాల ఫైలు ఆ తర్వాత, ఒక్కోసారి మధ్యాహ్నానికి వస్తుంది. ఒకే రోజు పెడితే మీ ట్రాన్స్‌ఫర్ ఖాళీ ఖాతా మీద పడుతుంది. 1వ తేదీ సెలవైతే జీతం మర్నాటికి జరగొచ్చు కూడా. "తగినంత నిల్వ లేదు" అని మెసేజ్ వస్తుంది, కొన్నిచోట్ల ఫీజు కూడా పడుతుంది. వరసగా రెండు మూడుసార్లు తప్పితే కొన్ని బ్యాంకులు ఆ ఏర్పాటునే ఆపేస్తాయి. జీతం మామూలుగా పడే రోజుకి రెండు పనిదినాలు కలిపి పెట్టుకోండి.

రెండు జేబులు
నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. మీ అనుభవం మీ కౌంటర్ దగ్గరే ఉంచుకోండి.

పాత క్యాషియర్
తప్పలేదంటే ఖాతాలో పాత నిల్వ ఎప్పుడూ ఉంటోందని అర్థం. మీ ట్రాన్స్‌ఫర్ కొత్త జీతంలోంచి కాదు, దాంట్లోంచి వెళ్తోంది. నెలాఖరుకి సున్నాకి దగ్గరపడేవాళ్ళకి మీ సలహా ఇస్తే మునుగుతారు. అడిగినాయన పేరు చూశారా అసలు?

రెండు జేబులు
సున్నాకి దగ్గరపడేవాళ్ళు రెండ్రోజులు ఆగితే అసలే మిగలదు. జీతం పడిన సాయంత్రమే మా ఇంట్లో సగం కొనుగోళ్ళు అయిపోతాయి. మీకు బ్యాంకు తెలుసేమో, మనుషులు తెలియదు.

పాత క్యాషియర్
మనుషుల్నే చూశానయ్యా, ఆ మెసేజ్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి పోట్లాటకి వచ్చేవాళ్ళని!

జీతాల విభాగం
ఇద్దరూ కాస్త ఆగండి. మా దగ్గర ఉద్యోగి కాగితం ఇస్తే జీతాన్ని రెండు ఖాతాల్లో వేస్తాం. ఇంత శాతం ఆ ఖాతాకి అని రాసివ్వొచ్చు. అప్పుడు తేదీ గొడవ లేదు, జీతం పెరిగినప్పుడు అంకె మార్చే పనీ లేదు, శాతం కాబట్టి అదే పెరుగుతుంది. చాలామందికి ఈ సౌకర్యం ఉందనే తెలియదు, అడగరు. అన్ని కంపెనీలూ చెయ్యవు, చేసినా కొన్నిచోట్ల శాతం కుదరదు, మొత్తమే రాయాలి. ఒక ఈమెయిల్‌తో తేలిపోయే విషయం.

చిట్టాపద్దు
శాతం మంచిదే, కానీ చాలదు. 10 శాతం అని రాస్తే పెరిగిన 12లోంచి కూడా 1.2 మాత్రమే పక్కకెళ్తుంది, మిగతా 10.8 ఖర్చుకే. పెంపు వచ్చినప్పుడు ఆ శాతాన్నీ పెంచాలి.

గడప దాటని పైసా
అందరూ పెరిగిన జీతమంతా విలాసాలకే పోతోందన్నట్టు మాట్లాడుతున్నారు. ధరలు పెరగవా? మాకు పెరిగిందల్లా ఇంటద్దెకీ పిల్లల ఫీజులకీ సరిపోయింది. దాన్ని దుబారా అంటే ఒళ్ళు మండుతుంది. ఒంటరిగా ఉండేవాళ్ళ లెక్కలు సంసారాలకి చెప్పకండి.

రెండు జేబులు
అందరూ చెప్పే సాకే ఇది.

గడప దాటని పైసా
మా ఇంటికొచ్చి ఒక్క నెల నడిపి చూపించు నాయనా, తర్వాత సాకో కాదో చెప్దువుగాని.

చిట్టాపద్దు
ఆవిడ అన్నదాంట్లో సగం న్యాయం ఉంది. ధరలు ఏడాదికి 5 శాతం పెరిగాయనుకుందాం. పాత 90 ఖర్చు ఏమీ మారకుండా అలాగే బతకడానికే 94.5 కావాలి. అంటే నెలాఖరు గారి 12లో 4.5 అసలు పెంపే కాదు. నిజంగా చేతికొచ్చింది 7.5. సగం నియమం పాటిస్తే ఖర్చు వైపు వచ్చే 6లో ధరలకి 4.5 పోగా 1.5 మిగులుతుంది. ఇరుకే, కానీ నడుస్తుంది. అదే రాత్రి షిఫ్ట్ గారి 3 శాతమనుకోండి, అందులో సగం లాగితే ఇల్లు జరగదు. ధరల కంటే పెంపు తక్కువైన ఏడాది పొదుపు అంకె ముట్టుకోకపోవడమే మేలు, మొండికేస్తే ఆ లోటు కార్డు మీద తేలుతుంది. కానీ అమ్మా, నిజంగా ధరలకే పోయిందో లేదో తెలియాలంటే పాత వస్తువు ధర పెరిగిందా, కొత్త వస్తువు చేరిందా అని విడదీసి చూడాలి. అదే ఇంటికి అద్దె పెరిగితే అది ధర. పెద్ద ఇంటికి మారితే అది వేరే పద్దు.

గడప దాటని పైసా
మేం మారలేదు. అదే ఇల్లు.

రాత్రి షిఫ్ట్
నా పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా, కంపెనీ మారితే ఎక్కువ వస్తుందా, ఉన్నచోటే అడగాలా?

పొదుపు పిచ్చి
నేను సగం కాదు, పెరిగింది మొత్తం పక్కన పెట్టేస్తాను. ప్రతి పెంపూ. పాత జీతం మీదే బతుకుతున్నాను. అదంతా క్రమశిక్షణ, అందరివల్లా కాదు.

పాత క్యాషియర్
బాగుంది. మరి కార్డు బాకీ ఎంతుందో చెప్తారా?

పొదుపు పిచ్చి
కార్డుకీ దీనికీ సంబంధమేంటి? కొంచెం ఉంది, కనీస మొత్తం ప్రతి నెలా కడుతున్నాను.

పాత క్యాషియర్
సంబంధమల్లా అదే బాబూ. ఇటు పొదుపు ఖాతా నిండుతుంది, అటు కార్డు మీద అంతకంటే ఎక్కువ వడ్డీకి అప్పు పెరుగుతుంది. కుండలో నీళ్ళు పోస్తూ అడుగున చిల్లు మర్చిపోయినట్టు. ట్రాన్స్‌ఫర్ మాత్రం నెలనెలా "విజయవంతం" అనే చూపిస్తుంది.

జీతం పడే ముందురోజు ఒక పని చెయ్యండి. పొదుపు ఖాతాలన్నీ కూడండి. అందులోంచి కార్డు బాకీ, మిగిలిన వాయిదాలు, చేబదుళ్ళు తీసెయ్యండి. వచ్చిన అంకె రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ అదే రోజు చూడండి. 16 చొప్పున మూడు నెలలంటే 48 పెరగాలి. 20 మాత్రమే పెరిగితే మిగతా 28 ఇంకో దారిన బయటికి పోయిందన్నమాట. పొదుపు ఖాతాలోంచి 22వ తేదీ ప్రాంతంలో వెనక్కి లాగుతున్నారేమో కూడా చూసుకోండి. ఒకే యాప్‌లో రెండు ఖాతాలూ ఉంటే అది మరీ తేలిక.

పొదుపు పిచ్చి
నా కార్డు వ్యవహారం ఇక్కడ పంచాయితీ పెట్టక్కర్లేదు.

జీతాల విభాగం
అమెరికా సైన్యంలో పనిచేసే పౌర ఉద్యోగుల మీద దీని గురించే ఒక అధ్యయనం జరిగింది. పదవీ విరమణ పొదుపులో వాళ్ళని ఆటోమేటిక్‌గా చేర్చాక, నాలుగేళ్ళకి కార్డు అప్పుల్లాంటివి చెప్పుకోదగ్గంత పెరగలేదు. కారు రుణాలు, ఇంటి రుణాలు మాత్రం పెరిగాయి. ఇంటి రుణమంటే ఎదురుగా ఒక ఆస్తి ఉంటుంది, దాన్ని దుబారా అనలేం. కారు సంగతి మీ ఇష్టం.

రెండు జేబులు
కారు అవసరం కూడా కావచ్చు. అందరికీ బస్సు ఇంటి ముందే ఆగదు.

నెలాఖరు
చిట్టాపద్దు గారు చెప్పినట్టు 12నీ విడదీసి చూశాను. పాత ఖర్చుల ధర పెరిగింది 4 దాకా. ఇల్లు మారినందుకు 4, ఫోన్ వాయిదా 2, క్యాబ్‌లు, సబ్‌స్క్రిప్షన్లు కలిపి 2. క్యాబ్ రేపే మానగలను, ఇల్లు మాత్రం ఒప్పందం అయ్యేదాకా కదలదు. ఫోన్ వాయిదా వచ్చే పెంపుకి ముందే తీరిపోతుంది.

చిట్టాపద్దు
అయితే ఇప్పుడే 16కి వెళ్ళకండి, తప్పి వెనక్కి లాగుతారు. 12తో మొదలుపెట్టండి, క్యాబ్‌లూ సబ్‌స్క్రిప్షన్లూ దానికి సరిపోతాయి. ఫోన్ ఆఖరి వాయిదా కట్టిన మర్నాడే ఆ 2 కూడా కలిపి 14 చెయ్యండి, లేకపోతే ఇంకో వాయిదా ఆ చోట్లో కూర్చుంటుంది. ఇక వచ్చే పెంపు ఉత్తర్వు ఎప్పుడొస్తుందో ఆ రోజే చేతికొచ్చే తేడాలో సగం.

నెలాఖరు
సరే. బోనస్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రాత్రి షిఫ్ట్
బోనస్ కూడా ఇస్తారా మీ దగ్గర?! కంపెనీ పేరు మెసేజ్ చెయ్యండి బాబూ.

పాత క్యాషియర్
జీతాల విభాగం గారూ, రెండు ఖాతాల్లో వేస్తే రెండోది వేరే బ్యాంకుదైనా మీ దగ్గర ఒప్పుకుంటారా? మా అమ్మాయి వాళ్ళ ఆఫీసులో కుదరదన్నారట.