అప్‌డేట్: ఫోటోలోని ఎర్రావు గిర్రే

నా పాత ప్రశ్న: "ఈ ఫార్మ్ ఫోటోలో ఎర్రావు గిర్రా, సాహివాలా? పక్కనున్న తెల్ల మేక ఏ జాతి?"

రిప్లై ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. వెటర్నరీ డాక్టర్‌కి ఫోటో చూపించాను, గిర్ లక్షణాలే అన్నారు. రంగు వదిలేసి కొమ్ములు చూడండి అన్న సలహానే పనికొచ్చింది. జూమ్ చేస్తే కొమ్ములు నెత్తిమీంచి కిందికి, వెనక్కి దిగి మళ్లీ కొసల దగ్గర పైకి తిరిగున్నాయి, సాహివాల్‌కైతే పొట్టిగా మొద్దుగా ఉంటాయంట. దానికితోడు నుదురు బోర్లించిన గిన్నెలా ఉబ్బి ఉంది, చెవులు పొడుగ్గా వేలాడుతూ ఆకు మడిచినట్టు ఉన్నాయి. కొమ్ములు కాల్చేసిన పశువైతే ఈ నుదురు, చెవులే దిక్కు అన్నారు డాక్టర్.

నేను అంత జూమ్ చేసి చూసిన మూపురం, ఎరుపు రంగు రెండూ ఇక్కడ తేల్చలేవు, రెండు జాతులకీ ఉంటాయి కాబట్టి. సైజు సంగతి సరేసరి, కెమెరాకి దగ్గరున్నదల్లా పెద్దగానే కనిపిస్తుంది!

మేక జమునాపారి పోలికంట. ముక్కు దూలం చిలక ముక్కులా వంపు తిరిగి, పొడవాటి చెవులు కిందికి జారి, వెనక తొడల మీద జూలులాంటి వెంట్రుకలు ఉన్నాయి, అవి పక్కనుంచి తీసిన ఫోటోలోనే తెలిశాయి.

ఒకటి మాత్రం, క్రాస్ అయిన పశువులకీ ఇవే పోలికలు రావొచ్చు, ఫోటో చూసి ప్యూర్ బ్రీడ్ అని ఎవరూ చెప్పలేరంట. కొనేవాళ్లయితే తల్లిదండ్రుల రికార్డ్ అడగండి.