రెండు రోజుల్లో మ్యాథ్స్ 2బి: ఏ చాప్టర్ వదిలేయాలి?

నల్గొండ ఎంపీసీ: కామెర్లు వచ్చి నెల రోజులు మంచం మీదే ఉన్నా. శుక్రవారం ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2బి పరీక్ష, చేతిలో రెండు రోజులే. సర్కిల్స్ నుంచి హైపర్బోలా దాకా దసరాకు ముందే విన్నా, కానీ మర్చిపోయా. ఇండెఫినెట్ ఇంటిగ్రేషన్ సగం విన్నా. డెఫినెట్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ క్లాసులకు పోలేదు. ఏది వదలాలి?

పాలమూరు కుర్రోడు: ఎక్కువ మార్కులవి పట్టు తమ్మీ. సర్కిల్స్ 22, ఇండెఫినెట్ 18. రెండూ కలిపి 40. మిగతావన్నీ బంద్ పెట్టు.

కోదాడ అక్క: నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆ పేపర్ వదిలేసి సప్లిమెంటరీ రాశాను, ఏం కాలేదు. ఎంసెట్‌లో ఇంటర్ వెయిటేజీ కూడా తీసేశారు కదా, ఇంత టెన్షన్ ఎందుకు?

నల్గొండ ఎంపీసీ: అక్కా, పేపర్ వదలాలా అని కాదు, చాప్టర్ ఏది వదలాలని అడిగా.

మిర్యాలగూడ లెక్కల సార్: పాలమూరు బాబు చెప్పిన 40 నిజమే. కానీ అందులో 28 మార్కులు నాలుగు లాంగ్ ప్రశ్నలవే. రెండు పోయాయంటే 26 మిగులుతాయి, పాస్ దగ్గరే ఆగిపోతావు. పైగా ఇండెఫినెట్ లాంగ్ ప్రశ్నల్లో ఒక్క మైనస్ గుర్తు తప్పినా కిందంతా పోతుంది.

చాప్టర్ మార్కులు కాదు, ఛాయిస్ చూడు. రెండు మార్కులవి పదీ రాయాల్సిందే. నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు చాలు. అంటే ఈ రెండు సెక్షన్లలో రెండేసి వదిలినా నష్టం లేదు. మామూలుగా వచ్చే పేపర్ ప్రకారం ఇండెఫినెట్‌లో నాలుగు మార్కుల ప్రశ్న ఉండదు, రెండు లాంగ్ ఉంటాయి. ఆ రెండూ ఛాయిస్‌లో వదిలేయి. దాని రెండు మార్కులవి మాత్రం చెయ్యి, స్టాండర్డ్ ఫార్ములాలు, సబ్‌స్టిట్యూషన్ వస్తే చాలు.

నాలుగు మార్కులవి సర్కిల్స్ ఒకటి, సిస్టమ్ ఆఫ్ సర్కిల్స్ ఒకటి, ఎలిప్స్ రెండు, హైపర్బోలా ఒకటి. ఐదూ నువ్వు విన్నవే. లాంగ్‌లో సర్కిల్స్ రెండు, పారాబోలా ఒకటి, డెఫినెట్ ఒకటి. ఇక డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మొత్తం తీసేసినా 75లో 66 మార్కులకు రాయొచ్చు. పోయేది తొమ్మిదే.

నల్గొండ ఎంపీసీ: డెఫినెట్ అసలు వినలేదు సార్. ఇండెఫినెట్ రాకుండా అది వస్తుందా?

మిర్యాలగూడ లెక్కల సార్: అన్నీ రావు. లిమిట్ ఆఫ్ సమ్ జోలికి పోకు. కానీ ఈ లాంగ్ చూడు: 0 నుంచి π/4 దాకా log(1+tan x). దాన్ని I అనుకో. x బదులు π/4 − x పెడితే 1+tan x కాస్తా 2/(1+tan x) అవుతుంది. అప్పుడు I = (π/4) log 2 − I, అంటే I = (π/8) log 2. ఇంటిగ్రేషన్ చేసిందేమన్నా ఉందా? ఈ ఒక్క ప్రాపర్టీ మీద ఆడే లెక్కలు నాలుగైదు పట్టుకో. వచ్చిందా లేదా తెలియాలంటే పుస్తకం మూసి రాసి చూడు, చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి.

దేవరకొండ ట్యూషన్ సార్: డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ తీసేయడం నేను ఒప్పుకోను. లీనియర్ మోడల్ ఒకటే పద్ధతి. P, Q గుర్తుపట్టి ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ రాస్తే చివరిదాకా పోకపోయినా స్టెప్ మార్కులొస్తాయి. మూడు గంటల పని. ఐదో లాంగ్ ఖాళీగా ఎందుకు వదలాలి?

మిర్యాలగూడ లెక్కల సార్: లాంగ్‌లో లీనియరే వస్తుందని రాసిస్తారా? y = vx పెట్టే హోమోజీనియస్ వస్తే మళ్ళీ ఇంటిగ్రేషన్ మీదే ఆగిపోతాడు. ఆ మూడు గంటలు సర్కిల్స్‌కు ఇస్తే పాత పేపర్ల మోడల్స్ రెండు గట్టిపడతాయి: మూడు బిందువుల గుండా పోయే వృత్తం, రెండు వృత్తాలు తాకుతాయని చూపి స్పర్శ బిందువు కనుక్కోవడం. వీటికి ఇంటిగ్రేషన్ అక్కర్లేదు, సమీకరణాలు సాధించడం వస్తే చాలు.

దేవరకొండ ట్యూషన్ సార్: రెండో రోజు సాయంత్రం వేరియబుల్ సెపరబుల్ అయినా చూడనివ్వండి. ఆ రెండు మార్కులదన్నా దక్కొచ్చు.

పాలమూరు కుర్రోడు: అంటే ఎలిప్స్, హైపర్బోలా కూడా చదవాలా సార్? అవి కష్టం కదా.

మిర్యాలగూడ లెక్కల సార్: మొత్తం కాదు. నాలుగు మార్కులవి ఎక్కువగా సెంటర్, ఫోకై, డైరెక్ట్రిక్స్ కనుక్కోవడం, లేదా టాంజెంట్ రాయడం. హైపర్బోలా రెండు మార్కులదానికి 1/e² + 1/e₁² = 1 గుర్తుంచుకో. ఎక్సెంట్రిసిటీ 5/4 ఇస్తే కాంజుగేట్‌ది 5/3.

నల్గొండ ఎంపీసీ: మొదటి రోజు సర్కిల్స్, సిస్టమ్, పారాబోలా. రెండో రోజు పొద్దున ఎలిప్స్, హైపర్బోలా, మధ్యాహ్నం డెఫినెట్. గంట కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయి సార్, రాత్రి మేల్కొనలేను.

కోదాడ అక్క: మేల్కోకు. అమ్మను ఫార్ములాలు అడగమను, పడుకుని చెప్పు.

దేవరకొండ ట్యూషన్ సార్: సాయంత్రం ఓపిక ఉంటే లీనియర్ లెక్క ఒకటి ఇక్కడ పెడతా. చెయ్యాలా వద్దా నువ్వే చూసుకో.